పాపకు కొత్తగా వచ్చిన దవడ పళ్ళు సుద్దలా రాలుతున్నాయి, చల్లనీళ్ళు తగిలితే ఏడుస్తోంది. ఇది ఫ్లోరైడ్ వల్లేనా?

సింధు_బల్లార్షా
అందరికీ నమస్తే. మా పాపకు ఇంకో మూడు నెలల్లో ఎనిమిదేళ్ళు నిండుతాయి. ఆరేళ్ళప్పుడు కింద రెండు వైపులా వెనక కొత్త దవడ పళ్ళు వచ్చాయి, వచ్చేటప్పుడే వాటి మీద తెల్లగా, పసుపుగా మచ్చలున్నాయి. ఇప్పుడు ఎడమ వైపు పన్ను ఒక మూల విరిగి లోపల గోధుమ రంగు కనిపిస్తోంది. పైన ముందు పన్ను ఒకదాని మీద మీగడ రంగు మచ్చ ఉంది, దాని పక్క పన్ను మాత్రం శుభ్రంగా ఉంది. అసలు బాధ ఏంటంటే నొప్పి. ఫ్రిజ్ నీళ్ళు సరే, చలికాలం కుళాయి నీళ్ళతో పుక్కిలించమన్నా ఏడుస్తుంది, బ్రష్ వెనక్కి పోనివ్వదు, అన్నం కుడివైపే నములుతుంది. ఇక్కడ ఒక క్లినిక్‌లో సిమెంటు పెట్టారు, దీపావళి దాటకముందే ఊడిపోయింది. అప్పుడు మత్తు ఇంజక్షన్ ఇచ్చినా పాప కేకలు పెట్టింది, పాపే అల్లరి చేస్తోందనుకున్నారు అక్కడివాళ్ళు. ఇంకో డాక్టర్ ఇది బోరు నీళ్ళ ఫ్లోరైడ్ అన్నారు. మూడో ఆయన పీకేద్దాం అన్నారు. మా అత్తమ్మేమో పాలపళ్ళే కదా ఊడిపోతాయిలే అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నాం.

మాస్టారు_రాజురా
అమ్మా, ఇది ఫ్లోరోసిస్సే. మన చంద్రపూర్, పక్కన యవత్మాల్ జిల్లాల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని ఎప్పటినుంచో ఉన్నదే. నేను పాఠాలు చెప్పిన ఊళ్ళలో సగం మంది పిల్లలకు పళ్ళ మీద మచ్చలు చూశాను. ఇంట్లో ఆర్వో పెట్టించండి, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వెంటనే మానేసి వేపపుల్ల ఇవ్వండి, పాలు, కాల్షియం బిళ్ళలు ఇస్తే పళ్ళు గట్టిపడతాయి.

బొగ్గుబాయి_రమేష్
నాకూ ఇదే సమస్య అక్కా, పళ్ళన్నీ పసుపు. షిఫ్ట్‌లో టీలు ఎక్కువ, ఖర్రా పొగాకు అలవాటు కూడా ఉండేది. తెల్లబడే పేస్టు ఏదైనా మంచిది ఉంటే చెప్పండి.

ప్రాణహిత_వాసి
రమేషన్నా, ఆమె అడుగుతున్నది చిన్నపిల్లకు మొలిచినప్పుడే మచ్చలతో వచ్చిన పళ్ళ గురించి. మీది పైన పట్టిన మరక, క్లీనింగ్ చేయించుకో. ఖర్రా నిజంగా మానేశావా?

పిల్లలపళ్ళ_కావేరి
నేను నాగపూర్‌లో పిల్లల దంతవైద్యం చేస్తాను. సింధు గారూ, ముందు అత్తమ్మ గారికి చెప్పండి, అవి పాలపళ్ళు కావు. ఆరేళ్ళకు వెనక వచ్చే ఈ దవడ పళ్ళు దేన్నీ ఊడగొట్టకుండా పాలపళ్ళ వెనక ఖాళీలో వస్తాయి, అందుకే చాలా ఇళ్ళలో పాలపళ్ళ లెక్కలోనే వేస్తారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. ఫోటో లేకుండా ఖాయంగా చెప్పను గానీ మీరు రాసింది చదివితే ఫ్లోరోసిస్ కంటే ఎంఐహెచ్ అనిపిస్తోంది, అంటే మోలార్ ఇన్సిజర్ హైపోమినరలైజేషన్, ఈ దవడ పళ్ళూ కొన్ని ముందు పళ్ళూ సరిగ్గా గట్టిపడకుండానే రావడం. కొన్ని అడుగుతాను. పైన ఆరేళ్ళ దవడ పళ్ళు ఎలా ఉన్నాయి, రెండూ ఒకేలా ఉన్నాయా? మచ్చకూ మంచి భాగానికీ మధ్య గీత గీసినట్టు హద్దు కనిపిస్తుందా, లేక పన్నంతా మబ్బు పట్టినట్టుందా? ఈ పళ్ళకు ముందున్న పాల దవడ పళ్ళ మీద ఇలాంటి మచ్చలున్నాయా? పుట్టినప్పటి నుంచి మూడేళ్ళలోపు పెద్ద జబ్బులేమైనా చేశాయా?

సింధు_బల్లార్షా
మేడం, టార్చ్ వేసి చూశాను. పైన కుడి దవడ పన్ను మీద చిన్న పసుపు మచ్చ ఉంది, ఎడమది బాగుంది. మచ్చల అంచు స్పష్టంగా తెలుస్తోంది. ముందు పన్ను మీద కూడా అంతే, ఎవరో అంటించినట్టు ఉంటుంది. కింద పాలపళ్ళలో చివరిది ఒకటి మూల విరిగి ఉంది, దాన్ని మేం పిప్పి పన్ను అనుకుంటున్నాం. పాప ఏడాది నిండేలోపే నిమోనియాతో ఆస్పత్రిలో ఉంది, తర్వాత చెవి నొప్పి, జ్వరాలు, ఎన్నిసార్లు యాంటీబయాటిక్ వాడామో లెక్కలేదు. రెండేళ్ళు వచ్చేదాకా మా అమ్మవాళ్ళ ఊళ్ళో బోరు నీళ్ళే తాగింది. ఇదంతా మందుల వల్లేనా?

పిల్లలపళ్ళ_కావేరి
ఇప్పుడు నాకు ఇంకా నమ్మకం కుదిరింది. ఫ్లోరోసిస్ నీళ్ళతో ఒళ్ళంతా తిరిగి వస్తుంది కాబట్టి ఒకే కాలంలో తయారైన పళ్ళన్నిటి మీదా, కుడి ఎడమలు జంటగా, అంచు తెలియని మబ్బులాగో అడ్డ గీతల్లాగో కనిపిస్తుంది. పక్క పన్ను శుభ్రంగా ఉండి ఒక్క పన్ను మీదే హద్దున్న మచ్చ రావడం దాని తీరు కాదు. ఎంఐహెచ్‌లో నాలుగు దవడ పళ్ళలో ఒకటో రెండో బాగా చెడి మిగతావి పర్లేదనిపిస్తాయి, ముందు పళ్ళలో కొన్నిటికే ఉంటుంది. ఇంకో తేడా, మామూలు ఫ్లోరోసిస్ పన్ను చూపుకు బాగోకపోయినా గట్టిగానే ఉంటుంది, అంత తేలిగ్గా పుచ్చిపోదు. ఎంఐహెచ్ దవడ పన్ను చిగురు దాటి వచ్చి నమలడం మొదలుపెట్టగానే పెచ్చులూడుతుంది.

కారణం మాటకొస్తే, ఈ నాలుగు దవడ పళ్ళ పై పొర, అంటే ఎనామెల్, బిడ్డ పుట్టే వేళకు గట్టిపడటం మొదలై సుమారు మూడేళ్ళకు పూర్తవుతుంది. ఎనామెల్ తయారయ్యేటప్పుడు మొదట మాంసకృత్తులతో మెత్తటి అచ్చు పడుతుంది, తర్వాత ఆ మాంసకృత్తులు తొలగిపోతూ ఖనిజం నిండుతుంది. ఈ రెండో దశ ఎక్కడో ఆగితే అక్కడ ఎనామెల్ మందం సరిగానే ఉంటుంది గానీ లోపల నిండదు, గుల్లగా ఉండిపోతుంది. సుద్ద రంగు అందుకే. ఆ దశ ఆగడానికి తొలి మూడేళ్ళ జ్వరాలు, జబ్బులు, పుట్టినప్పటి ఇబ్బందులు, కొంత వంశం, అన్నీ కలిసి పని చేస్తాయని అనుమానం. యాంటీబయాటిక్ పేరు కూడా వస్తుంది, కానీ మందు వేసింది జబ్బు చేసినందుకే కదా, రెండిటినీ విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాలేదు. కాబట్టి నిమోనియాకు మందు వాడినందుకు మీరు బాధ పడొద్దు, వాడకపోతే బిడ్డే దక్కేది కాదేమో. ఈ పేరు పెట్టింది 2001లో. ప్రపంచం మొత్తం మీద సుమారు ఏడుగురు పిల్లల్లో ఒకరికి ఏదో స్థాయిలో ఉంటుందని అంచనా, మచ్చ ఒక్కటే ఉన్నవాళ్ళూ అందులో ఉన్నారు.

మాస్టారు_రాజురా
మరి బోరు నీళ్ళు తాగింది కదా డాక్టరమ్మా? నేను చూసిన పిల్లలంతా అబద్ధమా?

పిల్లలపళ్ళ_కావేరి
కాదు సార్, మీరు చూసింది నిజం. మన దగ్గర ఇదే చిక్కు, ఒకే నోట్లో రెండూ ఉండొచ్చు. అమ్మమ్మ ఊరి బోరు నీళ్ళు పరీక్ష చేయించడం మంచిదే, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే చిన్నపిల్లలకు ఆ నీళ్ళు పట్టొద్దు. కానీ ఫ్లోరోసిస్ అనే ఒక్క ముద్ర వేస్తే పాపకు నష్టం. మచ్చలే కదా, పెద్దయ్యాక చూద్దాం అని వదిలేస్తారు, ఈలోపు దవడ పన్ను నరం దాకా విరుగుతుంది.

పేస్టు మాత్రం మానొద్దు. తాగే నీటి ఫ్లోరైడ్ పన్నును పాడు చేసేది పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే. బయటికి వచ్చేసిన పన్నుకు పైనుంచి తగిలే ఫ్లోరైడ్ మేలే చేస్తుంది, ముఖ్యంగా ఇలాంటి గుల్ల పన్నుకు. పిల్లల పేస్టులు కొన్నిటిలో 500 పీపీఎం లోపే ఉంటుంది, డబ్బా వెనక చదివి 1000కి దగ్గరగా ఉన్నది బఠాణీ గింజంత వేయండి, ఉమ్మేయాలి, మింగకూడదు. నీళ్ళు గోరువెచ్చగా ఇవ్వండి, అప్పుడే బ్రష్ వెనక్కి పోనిస్తుంది. వేపపుల్ల ఎనిమిదేళ్ళ పిల్ల వెనక పళ్ళ దాకా పోదు. పాలు, కాల్షియం ఒంటికి మంచివే గానీ మొలిచేసిన పన్ను లోపలికి పోయి నింపవు.

లావణ్య_గడ్చిరోలి
మా బాబుకీ ఇదే, రెండేళ్ళ క్రితం. ఇంజక్షన్ పని చేయకపోవడం అచ్చం మీ పాప లాగే. మమ్మల్ని కూడా పిల్లాణ్ణి మొండిగా పెంచారన్నారు, నాకు ఇప్పటికీ మంట.

పిల్లలపళ్ళ_కావేరి
లావణ్య గారూ, మీ బాబుది మొండితనం కాదు. గుల్ల ఎనామెల్‌లోంచి చల్లదనం, తీపి, సూక్ష్మజీవులు లోపలికి పోతూ ఉంటాయి, పైకి పుచ్చు కనిపించకపోయినా లోపలి నరం ఎప్పుడూ వాచినట్టు, రెచ్చిపోయి ఉంటుంది. అలాంటి నరం మీద మామూలు మత్తు సరిగ్గా ఎక్కదు. పన్ను తొలిచే యంత్రం గాలి, నీళ్ళే పెద్ద నొప్పి. అందుకే మేం తొందరపడి తొలచం. ముందు కొన్ని వారాలు ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, విరిగిన చోట గ్లాస్ అయనోమర్ సిమెంటుతో కప్పేసి నరాన్ని కొంచెం చల్లారనిస్తాం. తర్వాత అసలు పని రోజు, ముందుగా బరువును బట్టి ఇబుప్రోఫెన్ ఇవ్వమంటాం, మత్తులో ఆర్టికెయిన్ వాడతాం, బాగా భయపడే పిల్లలకు ముక్కు ద్వారా నైట్రస్ ఆక్సైడ్ ఉన్న చోట చేస్తాం. పాప ఒకసారి దెబ్బతింది కాబట్టి తర్వాతి డాక్టర్‌కు మత్తు ఎక్కలేదన్న సంగతి మీరే ముందుగా చెప్పండి.

సింధు_బల్లార్షా
ఈ మాట మా ఆయనకు చదివి వినిపించాను మేడం. ఇంకొకటి, మళ్ళీ సిమెంటు పెట్టించమంటారా? ఊడిపోతే మళ్ళీ అదే ఏడుపు కదా.

పిల్లలపళ్ళ_కావేరి
అసలు ఎందుకు ఊడుతుందో చూడండి. తెల్ల కాంపోజిట్ ఫిల్లింగ్ పన్నుకు అతుక్కోవాలంటే ఎనామెల్ మీద ఆమ్లం పూసి గరుకు చేస్తాం, జిగురు ఆ గరుకులోకి పోయి పట్టుకుంటుంది. ఎంఐహెచ్ ఎనామెల్‌లో మాంసకృత్తులు ఎక్కువ, ఖనిజం తక్కువ, కాబట్టి ఆ గరుకు సరిగ్గా రాదు. పైగా ఫిల్లింగ్ అంచు సుద్ద ఎనామెల్ మీద ఆగితే, ఫిల్లింగ్ గట్టిగానే ఉంటుంది, దాని పక్క ఎనామెల్ పెచ్చూడి సందు పడుతుంది. గోడకు ఉబ్బి రాలుతున్న సున్నం గీకకుండా పైన రంగు వేసినట్టు. అంచులు మంచి ఎనామెల్ మీదికి వచ్చేదాకా తీసి, రబ్బరు డ్యామ్ కట్టి పొడిగా చేస్తే కాంపోజిట్ కొన్నేళ్ళు నిలుస్తుంది. మీరు చెప్పేది ఒకటి రెండు కొనలే పోయిన పన్నయితే నేను అదే చేస్తాను. కానీ మూల మొత్తం విరిగి, మచ్చ పక్క గోడలకు కూడా పాకి, నొప్పి కూడా ఉంటే నా మొదటి ఎంపిక స్టీలు క్యాప్.

లావణ్య_గడ్చిరోలి
మేం వేయించింది అదే. మొదటి రోజు పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు పెట్టి పంపారు, కొద్ది రోజుల్లో కొంచెం ఖాళీ ఏర్పడింది. తర్వాత పన్ను అసలు తొలవకుండానే సైజు చూసి క్యాప్‌లో సిమెంటు నింపి నొక్కేశారు, బాబునే గట్టిగా కొరకమన్నారు. మొదట్లో ఆ వైపు ఎత్తుగా తగిలి పళ్ళు కలవలేదు, భయపడి ఫోన్ చేస్తే అదే సర్దుకుంటుందన్నారు, సర్దుకుంది. చల్లనీళ్ళ బాధ ఆ వారంలోనే పోయింది. స్కూల్లో వెండి పన్ను అని ఏడిపించారు, ఇప్పుడు వాడే నోరు తెరిచి చూపిస్తాడు. మా ఇంట్లో గొడవ ఏంటంటే ఇది ఎన్నాళ్ళు? ఒకరేమో పద్దెనిమిదేళ్ళకు మార్చాలంటారు, ఒకరేమో అలాగే ఉంచొచ్చు అంటారు.

ప్రాణహిత_వాసి
నా పళ్ళూ ఇవే అనుకుంటా, అప్పట్లో పేరు తెలియదు. సిరొంచలో డాక్టర్ లేక కరీంనగర్ తీసుకెళ్తే తొమ్మిదేళ్ళప్పుడు కింద రెండు దవడ పళ్ళూ పీకేశారు. ఎడమ వైపు వెనక పన్ను ముందుకు జరిగి ఖాళీ మూసుకుంది, చూస్తే ఎవరూ కనిపెట్టలేరు. కుడి వైపు అలా కాలేదు. వెనకది ఒరిగి వచ్చింది, మధ్యలో సందు మిగిలింది, ఇప్పటికీ కంది బద్దలు అందులోనే. పైన దవడ పన్ను ఆ ఖాళీలోకి దిగి వచ్చింది. కాబట్టి పీకడం అంటే తేలిగ్గా తీసుకోకండి. అలాగని తప్పనీ అనను, ఆ తర్వాత నొప్పి అనేదే లేదు నాకు.

క్లిప్పుల_శేఖర్
నేను ఆర్థోడాంటిస్ట్‌ని, ఆదిలాబాద్‌లో. ప్రాణహిత గారి రెండు వైపుల కథే మొత్తం విషయం. ఆరేళ్ళ దవడ పన్ను తీసేస్తే దాని వెనక పన్నెండేళ్ళకు రావాల్సిన పన్ను ఆ చోటులోకి జరగాలి. అది చక్కగా జరిగేది, దాని వేర్లు చీలే చోట గట్టిపడటం ఎక్స్‌రేలో అప్పుడే కనిపిస్తున్నప్పుడు తీస్తే. చాలామంది పిల్లల్లో అది 8 నుంచి 10 ఏళ్ళ మధ్య. ఆలస్యం చేస్తే కింది దవడలో ఒరుగుతుంది, సందు మిగులుతుంది. పై దవడ క్షమిస్తుంది, కింది దవడ క్షమించదు. అందుకే సింధు గారూ, క్యాప్ వేయించే ముందు దవడలు మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించి, పళ్ళన్నీ ఉన్నాయా, జ్ఞానదంతాల మొగ్గలు పడ్డాయా, దవడలు ఎలా కలుస్తున్నాయి అని మాలాంటివాళ్ళకు ఒకసారి చూపించండి. బాగా చెడిన పన్నును క్యాపులు, రూట్ కెనాల్ అంటూ జీవితాంతం లాగడం కంటే సరైన వయసులో తీసేయడమే మేలైన పిల్లలు ఉన్నారు. క్యాప్ వేసి మరిచిపోయి పదమూడేళ్ళకు వస్తే ఆ దారి మూసుకుపోతుంది.

పిల్లలపళ్ళ_కావేరి
శేఖర్ గారూ, ఎక్స్‌రే, ఆర్థో అభిప్రాయం మాట ఒప్పుకుంటాను. కానీ అంతవరకు పాపను నొప్పితో కూర్చోబెట్టలేం. క్యాప్ వేసినంత మాత్రాన పీకే దారి మూసుకోదు, క్యాప్‌తో సహా తీయొచ్చు. ఏడాదిపాటు నొప్పి లేకుండా నమిలి, బ్రష్ చేసుకుని, డాక్టర్ కుర్చీ అంటే భయం పోయాక తీయడం వేరు, ఇప్పుడే ఏడుస్తున్న పిల్లకు తీయడం వేరు. ఇంకొకటి, మీ దగ్గరికి వచ్చేది క్లిప్పులు పెట్టించుకోగలిగిన ఇళ్ళవాళ్ళు. సందు మిగిలితే తర్వాత సర్దుకునే స్తోమత లేని పిల్లకు కింది పన్ను తీయడానికి నేను కొంచెం వెనకాడతాను.

క్లిప్పుల_శేఖర్
స్తోమత లేని ఇంట్లోనే క్యాప్, రూట్ కెనాల్, మళ్ళీ క్యాప్ ఖర్చు ఎక్కువ బరువు మేడం. ఇక్కడ మనిద్దరం కలవం.

బొగ్గుబాయి_రమేష్
ముందు పన్ను మీద మచ్చ గురించి ఎవరూ చెప్పలేదు. ఆడపిల్ల కదా, దాన్ని తెల్లగా చేయించండి ముందు.

పిల్లలపళ్ళ_కావేరి
రమేష్ గారూ, ఆడపిల్ల మగపిల్లాడు లేదు, దవడ పన్ను నొప్పి ముందు. ముందు పన్ను నమలదు కాబట్టి అంతగా విరగదు. పాపే అడిగితే తప్ప తొందర లేదు, ఈ వయసులో ఆ పన్నులో నరం పెద్దది, చిగురు ఇంకా పైకి జరగాల్సి ఉంది. పలుచని తెల్ల మచ్చలకు రెజిన్ ఇంకించే పద్ధతి ఉంది, కొన్ని బాగా కలిసిపోతాయి. మీగడ, పసుపు మచ్చలు లోతు నుంచి ఉంటాయి, పైపైన అరగదీస్తే పోవు, అవసరమైతే మీద పలుచగా కాంపోజిట్ వేస్తాం. మచ్చ పూర్తిగా మాయమవుతుందని ఎవరైనా మాటిస్తే మాత్రం నమ్మకండి.

సింధు_బల్లార్షా
అప్‌డేట్. నాగపూర్ వెళ్ళి వచ్చాం. వాళ్ళూ ఎంఐహెచ్ అనే అన్నారు. ఎడమ పన్నుకు సిమెంటు తాత్కాలికంగా కప్పి, నాలుగు దవడ పళ్ళకూ వార్నిష్ పూశారు, ఇంజక్షన్ లేదు, తొలవలేదు. పాప రాత్రి చపాతీ ఎడమ వైపు కూడా నమిలింది, గోరువెచ్చని నీళ్ళతో బ్రష్ పెట్టనిస్తోంది. ఎక్స్‌రేలో నరం దాకా పోలేదన్నారు. కింద కుడి వైపు జ్ఞానదంతం మొగ్గ కనిపించింది, ఎడమ వైపు లేదు. వచ్చే నెల క్యాప్ వేద్దామన్నారు. శేఖర్ సార్, మొగ్గ లేకపోతే ఇక పీకకూడదనా?

క్లిప్పుల_శేఖర్
లేదనుకోవడానికి తొందర. ఎనిమిదికి కనిపించని మొగ్గ తొమ్మిది పదికి కనిపించడం మామూలే. ఇంకో ఏడాదికి మళ్ళీ ఎక్స్‌రే తీయించండి, అప్పటికి వెనక పన్ను వేర్ల సంగతీ తెలుస్తుంది. నరం దాకా పోలేదంటున్నారు, నొప్పి తగ్గింది, ఇది పీకాల్సిన పన్ను అని నేను ఇప్పుడు అనను. కుడి వైపుది ఎలా ఉందో మాత్రం మర్చిపోకుండా చూపించండి.

మాస్టారు_రాజురా
అమ్మాయీ, ఊరి బోరు నీళ్ళు పరీక్షకు పంపించావా లేదా?

సింధు_బల్లార్షా
తమ్ముడు సీసా పట్టుకెళ్ళాడు మాస్టారూ, ఇంకా రిపోర్టు రాలేదు. కావేరి మేడం, చివరగా ఒకటి. మా చిన్నోడికి మూడున్నరేళ్ళు. వాడి పాలపళ్ళలో చివరి దవడ పన్ను మీద కూడా పసుపు మచ్చ ఉంది. వాడికీ వస్తుందా?

పిల్లలపళ్ళ_కావేరి
చివరి పాల దవడ పన్ను ఎనామెల్ కడుపులో ఉండగా మొదలై బిడ్డకు ఏడాది నిండే లోపు పూర్తవుతుంది, ఆరేళ్ళ పన్ను పని కూడా అప్పుడే నడుస్తుంటుంది. అందుకే పాల దవడ పన్ను మీద ఇలాంటి మచ్చ ఉన్న పిల్లలకు ఆరేళ్ళ పళ్ళలో వచ్చే అవకాశం మామూలు పిల్లల కంటే ఎక్కువ, కానీ ఖాయం కాదు. అది లేకపోయినా రాదని కూడా కాదు. వాడికి అయిదున్నర దాటాక నెలకోసారి టార్చ్ వేసి వెనక చిగురు చూడండి. తెల్లటి కొన కనిపించగానే తీసుకెళ్తే, పన్ను పూర్తిగా పైకి రాకముందే గ్లాస్ అయనోమర్‌తో గుంటలు మూసేయొచ్చు, విరగడం మొదలయ్యే ముందే. ఇప్పటి నుంచి పాప పేస్టే వాడికి బియ్యపు గింజంత వేయండి, మింగకుండా మీరే దగ్గరుండి తోమండి. బోరు రిపోర్టు వచ్చేదాకా అమ్మమ్మ ఊరికి వెళ్ళినప్పుడు వాడికి ఆ నీళ్ళు పట్టకండి, వాడి ముందు పళ్ళు ఇంకా చిగురు లోపల తయారవుతున్నాయి.